స్మారక సంచిక కోసం రిజిస్ట్రారుకు లేఖ: చదివిన ఏళ్లు, పొందిన డిగ్రీ రూఢి చేసుకునే పద్ధతి

స్మారక సంచికల్లో ఎక్కువగా తప్పు పడేది చదువు గురించిన వాక్యంలోనే. "1950 నుంచి 1954 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు" అని ఇంట్లోవాళ్లు రాసిస్తారు. మనమూ అలాగే అచ్చుకు పంపేస్తాం. సంచిక బయటికొచ్చాక ఆయనతో కలిసి చదివినవారో, మరో ఊళ్లో ఉన్న శిష్యుడో ఫోన్ చేసి "ఆయన వాల్తేరులో ఎప్పుడూ చదవలేదండీ, బందరులో చదివారు" అంటారు. తీరా చూస్తే ఇంట్లోవాళ్లదీ తప్పు కాదు, ఫోన్ చేసినాయనదీ తప్పు కాదు. డిగ్రీ ఇచ్చింది విశ్వవిద్యాలయం, చదువు చెప్పింది కాలేజీ.

రిజిస్ట్రారుకు రాసే లేఖలో ముందు గుర్తుంచుకోవలసింది ఇదే. అనుబంధ కాలేజీలో చదివినవారి విషయంలో విశ్వవిద్యాలయం దగ్గర ఉండేది పరీక్షల లెక్క: ఏ నెలలో, ఏ సంవత్సరంలో ఏ పరీక్ష పాసయ్యారు, ఏ క్లాసు వచ్చింది, పట్టా ఎప్పుడు ఇచ్చారు. ఏ రోజు కాలేజీలో చేరారు, ఏ రోజు టి.సి. తీసుకున్నారు అనేది కాలేజీ అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది. ఈ రెండూ కలిపి ఒకే చోట అడిగితే సగం జవాబు వస్తుంది, లేదా అసలు రాదు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఎం.ఏ. చదివినవారికి మాత్రం ఈ చిక్కు తక్కువ. అక్కడ అడ్మిషనూ పరీక్షా ఒకే గొడుగు కింద ఉంటాయి.

ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. 1933లో పుట్టి, మచిలీపట్నంలో చదివి, హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, ఈమధ్యే కాలం చేసిన ఒక మాస్టారి సంస్మరణ సంచిక అనుకోండి. చేతిలో ఉన్నవి పై వాక్యం, "1955" అని అంచున రాసి ఉన్న స్నాతకోత్సవం ఫొటో, "మా నాన్నగారికి గోల్డ్ మెడల్ వచ్చింది" అని కూతురు చెప్పిన మాట. ఇంతే.

ముందు ఏ విశ్వవిద్యాలయమో తేల్చుకోండి

ఆ కాలేజీ ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయం కింద ఉందో చూసి అక్కడికి రాసేయడం చాలామంది చేసే పని. మచిలీపట్నంలోని నోబుల్ కాలేజీనే తీసుకుంటే, మొదట అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో మచిలీపట్నంలోనే కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. అంటే ఒకే భవనంలో, ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన తాత, తండ్రి, కొడుకు, మనవడు నాలుగు వేర్వేరు విశ్వవిద్యాలయాల పట్టభద్రులు కావచ్చు. మన మాస్టారి డిగ్రీ 1950ల నాటిది కాబట్టి లేఖ విశాఖపట్నం వెళ్లాలి. గుంటూరుకో, ఆ ఊళ్లోనే ఉన్న కృష్ణా విశ్వవిద్యాలయానికో రాస్తే "మా పరిధి కాదు" అనే జవాబు కోసం నెలలు పోతాయి.

కాకినాడ పి.ఆర్. కాలేజీలో 1960ల్లో చదివినవారికీ ఇదే వర్తిస్తుంది. ఇప్పుడు ఆ జిల్లాల కాలేజీలు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లాయి. అప్పటి డిగ్రీ మాత్రం ఆంధ్ర విశ్వవిద్యాలయానిదే. మార్పు జరిగిన ఏడాదికి అటూ ఇటూ, అంటే 1926కో 1976కో దగ్గర్లో చదివినవారైతే కోర్సులో చేరిన సంవత్సరాన్ని బట్టి చూడాలి. కొత్త విశ్వవిద్యాలయం వచ్చాక కూడా పాతదాని పేరు మీద పరీక్షలు పూర్తి చేసి ఉండవచ్చు. అలాంటప్పుడు రెండు చోట్లకీ రాయడమే మేలు.

ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి కొంతకాలం గుంటూరుకు తరలించారు. కాబట్టి ఆ ఏళ్లలో ఎవరైనా "ఆంధ్ర యూనివర్సిటీలో, గుంటూరులో చదివాను" అని డైరీలో రాసుకుని ఉంటే దాన్ని తప్పని కొట్టేయకండి.

తెలంగాణ వైపు పాత చదువులైతే చాలావరకు ఉస్మానియాకు రాయాలి. నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. హైదరాబాదు ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. అందుకని 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. వేసవి పరీక్ష అయితే 591 కలపాలి, అక్టోబరు–డిసెంబరు మధ్య తేదీ అయితే 590. లేఖలో ఫసలీ సంవత్సరాన్నీ, మనం లెక్కగట్టిన ఇంగ్లీషు సంవత్సరాన్నీ రెండూ రాయండి. వెతికే గుమస్తాకు ఏ రిజిస్టరు తీయాలో తెలుస్తుంది.

తర్వాత ఆనవాళ్లు పోగుచేయండి

పాత రిజిస్టర్లు పేరు వరుసలో ఉండవు. పరీక్ష వారీగా, రిజిస్టరు నంబరు వారీగా ఉంటాయి. రిజిస్టరు నంబరు, పరీక్ష నెల, సంవత్సరం ఉంటే వెతకడం చిటికెలో పని. అవి లేకుండా "కె. సుబ్బారావు, బి.ఏ., 1954 ప్రాంతం" అని రాస్తే ఆ ఏడాది పాసైన సుబ్బారావులందరినీ ఎవరు జల్లెడ పడతారు?

పట్టా దొరకలేదని ఆగిపోకండి. ఉపాధ్యాయులూ ప్రభుత్వోద్యోగులూ అయితే సర్వీసు రిజిస్టరు మొదటి పేజీల్లో విద్యార్హతలు, పుట్టిన తేదీ ఎక్కించి ఉంటాయి. పెన్షన్ కాగితాల కట్టలో దాని నకలు ఉండే అవకాశం ఉంది. బి.ఇడి. చేసి ఉంటే ఆ అడ్మిషన్ కోసం ఇచ్చిన మార్కుల జాబితా నకళ్లు ఉండవచ్చు. పాత ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం దొరికితే అన్నిటికన్నా మంచిది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కాలేజీకి వెళ్లింది అందులోంచే.

పేరు దగ్గర రెండు చిక్కులు తరచూ వస్తాయి. ఒకటి దత్తత. దత్తు వెళ్లినవారికి ఇంటిపేరు మారుతుంది, తండ్రి పేరూ మారుతుంది. లోకానికి తెలిసిన పేరు ఒకటి, రిజిస్టరులో ఉన్న పేరు ఇంకొకటి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళల సంగతీ అంతే. రెండోది ఇంగ్లీషు అక్షరక్రమం. తెలుగులో ఒకేలా పలికే పేరును ఆ రోజుల్లో నాలుగు రకాలుగా రాసేవారు. ఏదైనా పాత కాగితం దొరికితే దాని మీద ఇంగ్లీషులో ఎలా ఉందో అక్షరం మార్చకుండా లేఖలో దించండి. కలం పేరుతో ప్రసిద్ధులైనవారికి కలం పేరు బ్రాకెట్లో చాలు.

ఇంట్లోవాళ్లు చెప్పిన ఏళ్లను ఒకసారి కూడి చూడండి

లేఖ రాసే ముందే సగం తప్పులు ఇక్కడ బయటపడతాయి. మన మాస్టారికి "1950–54 బి.ఏ." అన్నారు. కానీ ఆ కాలంలో ఇంటర్మీడియట్ రెండేళ్లు, దాని తర్వాత బి.ఏ. రెండేళ్లు, రెండూ డిగ్రీ కాలేజీలోనే. మూడేళ్ల డిగ్రీ, దానికి ముందు ఒక ఏడాది పి.యు.సి. వచ్చింది 1950ల చివర్లో. కాబట్టి ఇంట్లోవాళ్లు లెక్కపెట్టిన నాలుగేళ్లలో మొదటి రెండూ ఇంటర్మీడియట్‌వి అయివుంటాయి. ఈ అనుమానాన్ని లేఖలోనే రాసేయాలి. అప్పుడు అవతలివాళ్లు 1952–54 రిజిస్టర్లు చూస్తారు.

బి.ఏ. ఆనర్సు చదివినవారికి మరో మెలిక ఉంది. మూడేళ్ల ఆనర్సు పూర్తి చేసినవారు కొంత గడువు తర్వాత మళ్లీ పరీక్ష రాయకుండానే ఎం.ఏ. పట్టా తీసుకునే వీలు మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఉండేది. "ఎం.ఏ. ఎప్పుడు చదివారు?" అంటే అలాంటివారికి జవాబే ఉండదు. ఇక ఉభయభాషాప్రవీణ, భాషాప్రవీణ, విద్వాన్ లాంటివి ప్రాచ్యభాషా పరీక్షల పట్టాలు. వాటిని బి.ఏ.తో కలిపి "డిగ్రీ" అని అడగకుండా పరీక్ష పేరుతోనే అడగండి. ప్రైవేటుగా కట్టి పాసైనవారికి కాలేజీ ఏళ్లే ఉండవు. వారి విషయంలో పరీక్ష పాసైన సంవత్సరం ఒక్కటే అడగాలి.

ఇప్పుడు లేఖ

ఒక పేజీ దాటకూడదు. ఆయన సేవల గురించి, సంచిక గొప్పతనం గురించి ఒక్క వాక్యం చాలు. లేఖ రిజిస్ట్రారు పేరున వెళ్లినా అసలు వెతికేది పరీక్షల విభాగంలో ఎవరో ఒక సూపరింటెండెంటు. ఆయనకు కావలసింది ఏ రిజిస్టరు, ఏ పేజీ, ఏం రాయాలి అన్నవే. తెలుగు రాష్ట్రాల్లో తెలుగులో రాయవచ్చు. మద్రాసుకైతే ఇంగ్లీషులో రాయాలి. నమూనా ఇలా ఉంటుంది:

> తేదీ: ………
>
> రిజిస్ట్రార్ గారికి,
> ఆంధ్ర విశ్వవిద్యాలయం,
> విశాఖపట్నం – 530003.
>
> ఆర్యా,
>
> విషయం: కీర్తిశేషులు శ్రీ ……… గారి బి.ఏ. డిగ్రీ వివరాల ధ్రువీకరణ – సంస్మరణ సంచికలో ప్రచురణ నిమిత్తం.
>
> పై విషయంలో పేర్కొన్న శ్రీ ……… గారు తమ విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి. విశ్రాంత ప్రధానోపాధ్యాయులైన వారి స్మారకంగా మా సంఘం ……… నెలలో ఒక సంచిక ప్రచురిస్తున్నది. అందులో వారి విద్యాభ్యాసం వివరాలు తప్పు లేకుండా ఇవ్వదలిచి ఈ లేఖ రాస్తున్నాము.
>
> మాకు తెలిసిన వివరాలు:
> రిజిస్టరులో ఉండగల పేరు (ఇంగ్లీషు అక్షరాల్లో): ………
> తండ్రి పేరు: ………
> పుట్టిన తేదీ: ……… 1933
> కాలేజీ: నోబుల్ కాలేజీ, మచిలీపట్నం
> పరీక్ష: బి.ఏ., 1954 మార్చి లేదా సెప్టెంబరు (కచ్చితంగా తెలియదు)
> రిజిస్టరు నంబరు: ……… (సర్వీసు రిజిస్టరు నుంచి)
>
> దయచేసి ఈ కింది మూడు విషయాలు మాత్రం తెలియజేయ ప్రార్థన:
> 1. బి.ఏ. పరీక్ష పూర్తిగా ఉత్తీర్ణులైన నెల, సంవత్సరం.
> 2. పట్టాపై ఉన్న డిగ్రీ పేరు, ఐచ్ఛిక విషయాలు.
> 3. పట్టా ప్రదానం చేసిన స్నాతకోత్సవం సంవత్సరం.
>
> మార్కుల వివరాలు మాకు అవసరం లేదు. ఇది ఉద్యోగం కోసమో, విదేశీ చదువు కోసమో కోరే ధ్రువీకరణ కాదు. రికార్డు వెతికేందుకు రుసుము ఉంటే తెలియజేస్తే చెల్లిస్తాము. వారి కుమార్తె సమ్మతి పత్రం, మరణ ధ్రువపత్రం నకలు జతపరిచాము. జవాబు రాయడానికి వీలుగా ఒక పత్రం, స్టాంపు అంటించిన కవరు కూడా జతచేశాము. సంచిక ……… తేదీన ముద్రణకు వెళుతుంది.
>
> ఇట్లు
> భవదీయుడు,
> (సంతకం, పేరు, హోదా, చిరునామా, ఫోన్)
>
> ప్రతి: కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్, ఆంధ్ర విశ్వవిద్యాలయం.

"పూర్తిగా ఉత్తీర్ణులైన" అన్న మాటను తీసేయకండి. అప్పటి బి.ఏ.లో ఇంగ్లీషు ఒక పార్టు, రెండో భాష ఒక పార్టు, ఐచ్ఛికాలు ఒక పార్టు. ఒక పార్టు మార్చిలో, మిగిలింది సెప్టెంబరులో గట్టెక్కినవారు బోలెడుమంది. ఆ మాట లేకపోతే ఒక పార్టు పాసైన తేదీనే డిగ్రీ తేదీగా రాసి పంపే ప్రమాదం ఉంది.

"ఉద్యోగం కోసం కాదు" అన్న వాక్యమూ కావాలని పెట్టిందే. అది లేకపోతే మీ లేఖ సర్టిఫికెట్ల అసలు–నకిలీ తేల్చే విభాగానికి పోతుంది. అక్కడ పట్టా నకలు, నిర్ణీత రుసుము, దరఖాస్తు ఫారం లేకుండా కాగితం కదలదు. పట్టా నకలు చేతిలో ఉంటే ఆ దారే తేలిక కావచ్చు. అప్పుడు ఫారం నింపి పంపండి.

జవాబు పత్రం అంటే ఖాళీలున్న ఒక అరపేజీ: "శ్రీ ……… గారు ……… నెల, ……… సంవత్సరంలో బి.ఏ. ఉత్తీర్ణులైనట్లు మా రికార్డుల ప్రకారం ధ్రువీకరిస్తున్నాము", కింద సంతకానికీ ముద్రకూ చోటు. కొత్తగా లేఖ డ్రాఫ్టు చేసి, పైఅధికారికి పెట్టి, దిద్దించుకునే శ్రమ వారికి తప్పుతుంది. నాకు తెలిసినంతలో జవాబు త్వరగా రావడానికి ఇంతకన్నా పనికొచ్చే ఉపాయం లేదు.

కాలేజీ ప్రిన్సిపాలుకు అదే రోజు వేరే లేఖ రాయండి. అడగవలసినవి రెండే: ఇంటర్మీడియట్‌లోనూ బి.ఏ.లోనూ చేరిన తేదీలు, టి.సి. ఇచ్చిన తేదీ. ఊరివాళ్లెవరైనా స్వయంగా వెళ్లి ఆఫీసులో కూర్చుంటే ఇంకా మంచిది. అడ్మిషన్ రిజిస్టర్లు సాధారణంగా పారేయరు. చెదలు పట్టకపోతే ఉంటాయి.

పంపడం, వెంటపడటం

స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. విశాఖలో తెలిసినవారుంటే తపాలు విభాగంలో చేతికిచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. తర్వాత ఫోనులో అడిగేటప్పుడు మన పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు, ఆ నంబరు చెబితే కాగితం ఏ టేబుల్ మీదుందో చెబుతారు. ముద్రణకు కనీసం మూడు నెలల ముందు పంపండి. పరీక్షల సీజనులోనూ స్నాతకోత్సవం ముందూ ఆ విభాగానికి ఊపిరాడదు, అప్పుడు పాత రికార్డు ఎవరూ తీయరు.

ఎంతకీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సంఘం పేరున కాదు, వ్యక్తిగా మీ పేరున పెట్టండి. "ధ్రువీకరించండి" అని కాక "ఫలానా పరీక్ష ఫలితాల రిజిస్టరులో ఫలానా నంబరు ఉన్న పేజీ నకలు ఇవ్వండి" అని అడగాలి, ఎందుకంటే ఆ చట్టం కింద ఇచ్చేది ఉన్న రికార్డు మాత్రమే. వ్యక్తిగత సమాచారం అని తిప్పికొడితే, 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదని సెక్షన్ 8(3) చెబుతోందని మొదటి అప్పీలులో రాయండి. అయితే ఇది ఆఖరి అస్త్రం. ముందే దీన్ని ప్రయోగిస్తే, మామూలుగా సాయం చేసే గుమస్తా కూడా బిగుసుకుపోతాడు.

జవాబును చదవడం

మన మాస్టారి కేసులో జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. కాలేజీ: ఇంటర్మీడియట్‌లో 1950 జూలైలో, బి.ఏ.లో 1952 జూలైలో చేరారు. 1954 ఏప్రిల్‌లో టి.సి. తీసుకున్నారు. విశ్వవిద్యాలయం: 1954 సెప్టెంబరులో ఇంగ్లీషు పార్టుతో బి.ఏ. పూర్తయింది, పట్టా 1955లో. ఫొటో అంచున ఉన్న 1955 కూడా దీంతో సరిపోయింది. అయిదు తేదీలూ నిజమే, ఒక్కోటీ ఒక్కో సంగతికి చెందినది.

"రికార్డు లభ్యం కాలేదు" అని వస్తే దాన్ని "చదవలేదు" అని అర్థం చేసుకోకండి. నంబరు తప్పో, పేరు వేరేగా ఉందో, ఆ రిజిస్టరు శిథిలమైందో కావచ్చు. పేరు మార్చి, ఒక ఏడాది ముందూ వెనకా చూడమని ఇంకొక్కసారి రాయండి. మద్రాసు కాలపు పట్టభద్రులకైతే మరో దారి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన పాత క్యాలెండర్లలో పట్టభద్రుల పేర్ల జాబితాలు సంవత్సరాల వారీగా అచ్చయ్యేవి, పెద్ద గ్రంథాలయాల్లో అవి దొరుకుతాయి. పాత పత్రికల్లో ఫలితాల పేజీని నమ్ముకోవద్దు. అందులో పేర్లుండవు, నంబర్లే. రిజిస్టరు నంబరు తెలియకపోతే అది పనికిరాదు.

గోల్డ్ మెడల్ సంగతి పై మూడు ప్రశ్నల్లో కలపకూడదు. పతకాలు ప్రత్యేక నిధుల పేరు మీద ఇస్తారు కాబట్టి పతకం మీద చెక్కిన పేరు దొరికితే ఆ పేరు పెట్టి వేరే లేఖ రాయాలి. మన కేసులో డిగ్రీ సెప్టెంబరులో పూర్తయింది కనుక మొదటి ర్యాంకు పతకం అనుమానమే. అది కాలేజీ వక్తృత్వ పోటీలో వచ్చినదై ఉండవచ్చు. కూతురి మాట కాదనకుండా, పతకం ఒకసారి చూపించమని అడగండి. చూసేదాకా ఆ మాటను సంచికలో వేయొద్దు.

ఇక అచ్చు వేయడం. సెప్టెంబరు అని వేస్తే మార్చిలో తప్పారని ఊరందరికీ చెప్పినట్టు. నిజం దాచడం కాదు గానీ, నివాళి వ్యాసంలో నెల అక్కర్లేదు. ఇలా వేస్తే చాలు: "1950 నుంచి 1954 వరకు మచిలీపట్నం నోబుల్ కాలేజీలో ఇంటర్మీడియట్, బి.ఏ. చదివారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయ బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు." రెండు జవాబు లేఖల నకళ్లనూ సంచిక ఫైల్లో ఉంచి, అసలువి కుటుంబానికి ఇవ్వండి. రిజిస్ట్రారు కార్యాలయానికి ఒక సంచిక, కాలేజీ గ్రంథాలయానికి మరొకటి పోస్టు చేయండి.